పదో వంతు ఎవరి చేతి మీదుగా వెళ్తుంది?

అందరికీ నమస్కారం.

నేను పురోహితుణ్ణి కాను, పాస్టర్‌ని కాను, గురుద్వారాలో గ్రంథీని కూడా కాను. లెక్కలు చూసేవాణ్ణి. చాలా ఏళ్లుగా దేవాలయాలకు, చర్చిలకు, ఒకటి రెండు గురుద్వారాలకు ఆడిట్ చేస్తూ వచ్చాను. అందుకని దానధర్మాల గురించి మాట్లాడమంటే నా ఆలోచన పుణ్యం మీదకు పోదు, రసీదు పుస్తకం మీదకు పోతుంది. క్షమించాలి, అది వృత్తిదోషం. (నవ్వులు)

ఇక్కడికి వచ్చే ముందు ఒక కుర్రాడు నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. "అంకుల్, దశమ భాగం మొత్తం జీతం మీద ఇవ్వాలా, కోతలన్నీ పోయి చేతికొచ్చిన దాని మీదా?" అని. చర్చికి వెళ్లే వాళ్లింట్లో ఈ ప్రశ్న మీద భార్యాభర్తలు వాదించుకోవడం నేను చూశాను. ఆ కుర్రాడికి ఏం జవాబు చెప్పానో చివర్లో చెప్తాను. ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఎంత ఇవ్వాలన్నది మూడు మతాల్లోనూ అందరూ అడుగుతారు. ఇచ్చింది ఎవరి చేతి మీదుగా, ఎక్కడికి వెళ్తుందన్నది తక్కువ మంది అడుగుతారు. కానీ మూడు సంప్రదాయాల చరిత్ర తిరగేస్తే, అసలు గొడవలన్నీ ఆ మధ్యలో ఉన్న చెయ్యి దగ్గరే వచ్చాయి.

బైబిలుతో మొదలుపెడతాను, ఎందుకంటే పదో వంతు లెక్క అక్కడే అన్నిటికంటే వివరంగా ఉంది.

పాత నిబంధనలో దశమ భాగం అంటే జీతంలో వాటా కాదు. పంటలో, మందలో వాటా. లేవీయకాండం చివర్లో మంద లెక్క ఎలా చేయాలో ఉంది. పశువులు ఒక్కొక్కటిగా కాపరి కర్ర కింద నుంచి దాటుతుంటాయి. లెక్కపెడుతూ పోయి పదోదాన్ని పక్కకు తీస్తారు. అది బక్కదా బలిసినదా అని చూడకూడదు. మార్చకూడదు. తెలివిగా మంచిదాన్ని దాచుకుని నాసిరకం దాన్ని పెడితే, పెట్టిందీ పోతుంది, దాచిందీ పోతుంది, రెండూ దేవుడివే అయిపోతాయి. ఆడిటర్‌గా నాకు ఇది చాలా నచ్చిన నియమం. ఎంపిక చేసుకునే అవకాశం ఎక్కడుందో మోసం అక్కడే ఉంటుంది కాబట్టి, ఎంపికనే తీసేశారు.

ఇక పంట సంగతి. యూదుల మతగురువులైన రబ్బీలు ఈ నియమాలన్నీ కలిపి ఒక వరస కట్టారు. యాజకుడి కోసం మొదట తీసే చిన్న వాటాను పక్కన పెట్టి, వంద బస్తాలు పండాయనుకుందాం. పది బస్తాలు లేవీయులకు. వాళ్లకు సొంత భూమి పంచలేదు, గుడి పని చేస్తారు, కాబట్టి అది వాళ్ల జీవనం. ఆ లేవీయుడు కూడా తనకొచ్చిన పదిలో ఒకటి తీసి యాజకుడికి ఇవ్వాలి. పుచ్చుకున్నవాడికీ పదో వంతు తప్పదు. రైతు దగ్గర తొంభై మిగిలాయి. అందులోంచి మళ్లీ పదో వంతు, అంటే తొమ్మిది. ఏడేళ్ల చక్రంలో మొదటి, రెండో, నాలుగో, అయిదో ఏట ఈ తొమ్మిదిని కుటుంబమంతా యెరూషలేముకు తీసుకెళ్లి అక్కడ తినాలి. మూడో ఏట, ఆరో ఏట ఊళ్లోనే ఉంచి పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి పెట్టాలి. ఏడో ఏడు భూమికి సెలవు, పంటా లేదు, వాటా లేదు. కాబట్టి పదో వంతు, పదో వంతు అని మనం అనుకునేది నిజానికి వందకు పంతొమ్మిది. అందులో సగం దాకా ఇచ్చినవాళ్లే తినేది లేదా పేదవాళ్లు తినేది.

ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయంలో ఒక మాట ఉంది, చర్చిలో చదవగా నేను వినలేదు. దారి దూరమైతే ఆ వాటాను అమ్మి, వెండి మూటగట్టుకుని వెళ్లి, అక్కడ ఎద్దులో గొర్రెలో ద్రాక్షారసమో మద్యమో నీకు ఏది ఇష్టమైతే అది కొనుక్కుని, దేవుని ముందు నీ ఇంటివారితో తిని సంతోషించు అని. (నవ్వులు) నవ్వకండి, వాక్యం అలాగే ఉంది. ఆ ఊళ్లో ఉన్న లేవీయుణ్ణి మాత్రం మరిచిపోవద్దు అని కూడా అక్కడే ఉంది.

దశమ భాగం గురించి మనకు ఎక్కువగా వినబడే వాక్యం మలాకీ మూడో అధ్యాయంలోది. పదియవ భాగమంతా నా మందిరపు నిధిలోనికి తీసుకొని రండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతానో లేదో చూడండి అని. ఇది వినిపించగానే సంచి తిరుగుతుంది. కానీ దాదాపు అదే కాలానిదని పండితులు అనుకునే నెహెమ్యా గ్రంథం పదమూడో అధ్యాయం పక్కన పెట్టుకుని చదవాలి. అక్కడ ఆ నిధి గది ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది.

నెహెమ్యా కొంతకాలం రాజు దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చాడు. వచ్చి చూస్తే, ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఉండాల్సిన మందిరపు గదిలో టోబీయా అనేవాడు కాపురం ఉంటున్నాడు. గదుల మీద అధికారం ఉన్న యాజకుడు ఎల్యాషీబు, తనకు టోబీయాతో సంబంధం ఉండటం వల్ల ఆ పెద్ద గదిని అతనికి ఇచ్చేశాడు. ఇక లేవీయులకు రావాల్సిన పాళ్లు రావడం లేదు. వాళ్లు గుడి వదిలేసి ఎవరి పొలానికి వాళ్లు పారిపోయారు. నెహెమ్యా ఏం చేశాడు? ముందు టోబీయా సామానంతా బయట పారేయించాడు. గదులు శుభ్రం చేయించాడు. తరవాతే జనం దశమ భాగాలు తేవడం మొదలుపెట్టారు. అంతటితో ఆగలేదు. నిధి మీద నలుగురిని పెట్టాడు: యాజకుడైన షెలెమ్యా, శాస్త్రి అంటే రాతకోతలు తెలిసిన సాదోకు, లేవీయుడైన పెదాయా, వాళ్లకు చేదోడుగా హానాను. వాళ్లు నమ్మకస్తులని పేరుంది కాబట్టి పెట్టాడని అక్కడే రాసి ఉంది.

ఆ నలుగురినీ కాస్త చూడండి. ఒకే వర్గం వాళ్లు కారు. ఒకరు పంచిపెట్టే పక్షం, ఒకరు లెక్క రాసే పక్షం, ఒకరు పుచ్చుకునే పక్షం. ఇవాళ ఏ సంస్థకైనా నేను ఇచ్చే మొదటి సలహా ఇదే. పెట్టె తెరిచేవాడు, లెక్క రాసేవాడు, ఖర్చు పెట్టేవాడు ఒకడే కాకూడదు. మలాకీ వాక్యం చెప్పేవాళ్లు నెహెమ్యా కూడా చదివితే, జనానికి ఇవ్వమని చెప్పే ముందు గది ఖాళీ చేయించాలని తెలుస్తుంది.

కొత్త నిబంధనకు వస్తే, యేసు పదో వంతును కాదనలేదు. పుదీనాలో సోపులో జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేస్తున్నారని పరిసయ్యులను తిట్టాడు. అవి చేస్తూనే వీటినీ మానకూడదన్నాడు. బీద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతి అందరికీ తెలుసు. మార్కు సువార్తలో ఆ కథకు ముందు వాక్యం ఏమిటంటే, శాస్త్రులు విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతున్నారు అని. ఆ వెంటనే ఒక విధవరాలు వచ్చి తన జీవనమంతా పెట్టెలో వేసింది. ఆమెను మెచ్చుకున్నాడన్నది నిజమే. కానీ ఆ రెండు సంగతులూ పక్కపక్కన ఉన్నాయంటే, అది పెట్టె పెట్టినవాళ్లకు కూడా చెప్పిన మాట అని నాకనిపిస్తుంది. ఇది నా చదువు, ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

పౌలు అసలు పదో వంతు అనే మాటే ఎత్తడు. యెరూషలేములో పేదరికంలో ఉన్న వాళ్లకోసం కొరింథులోని సంఘం దగ్గర చందా పోగుచేస్తూ, ప్రతి ఆదివారం ఎవరికి కలిగిన కొద్దీ వాళ్లు తమ దగ్గర పక్కన పెట్టుకోండి, నేను వచ్చాక హడావిడిగా వసూలు చేయనక్కర్లేకుండా ఉంటుంది అన్నాడు. తరవాత, మీరు ఎవరిని యోగ్యులని ఎంచి ఉత్తరాలిస్తారో వాళ్ల చేతే పంపిస్తాను అన్నాడు. రెండో ఉత్తరంలో, ఇంత పెద్ద మొత్తం విషయంలో మమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపకుండా జాగ్రత్తపడుతున్నాం, ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ సరిగా ఉండాలి అన్నాడు. అపొస్తలుడే తన ఒక్కడి చేత్తో మోసుకెళ్లనన్నాడు. నాకు ఈ వాక్యం గోడ మీద రాయించి పెట్టాలనిపిస్తుంది.

తరవాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఐరోపాలో ఈ స్వచ్ఛంద కానుక చట్టమైపోయింది. 779లో షార్లమేన్ రాజు దశమ భాగాన్ని తప్పనిసరి చేశాడు. వందల ఏళ్లు అది భూమి శిస్తులాగా వసూలైంది. చర్చికి వెళ్లినా వెళ్లకపోయినా కట్టాల్సిందే. ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు మనస్సాక్షి ఒప్పుకోదని కట్టకపోతే వాళ్ల సామాను జప్తు చేసేవాళ్లు. ఫ్రాన్సులో 1789 విప్లవం రాగానే ఎగిరిపోయింది. ఇంగ్లండులో 1836 చట్టంతో ధాన్యం వాటా పోయి డబ్బు రూపంలోకి మారింది, దాన్ని కూడా 1936లో రద్దు చేశారు. ఇవాళ మన దగ్గర పాస్టర్లు అడిగే దశమ భాగం ఈ చట్టానిది కాదు, విశ్వాసి మనసు మీద ఆధారపడ్డది. ఆ తేడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు సిక్కుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మధ్యలోని చెయ్యి కథ అక్కడ అచ్చంగా దొరుకుతుంది.

దస్వంధ్ అంటే పదో వంతు. గురునానక్ మాటల్లో మూలం ఉంది: కష్టపడి సంపాదించి తిని, తన చేత్తో కొంత ఇచ్చేవాడికే దారి తెలుస్తుంది అని. "తన చేత్తో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. అక్కడ వంతు లెక్క లేదు. నాలుగో గురువు రామ్‌దాస్ కాలంలో అమృత్‌సర్ ఊరు కట్టడం, సరోవరం తవ్వడం మొదలయ్యాక డబ్బు అవసరం పెరిగింది. సంగతులు, అంటే సిక్కు భక్తుల సంఘాలు, దూరదూరాల్లో ఉన్నాయి. వాళ్లందరి కానుకలు పోగుచేసి తేవడానికి మసందులు అనే ప్రతినిధులను పెట్టారు. అయిదో గురువు అర్జన్ కాలంలో దస్వంధ్ ఒక స్థిరమైన పద్ధతిగా కుదురుకుంది. మసందు తన ప్రాంతంలో ధర్మబోధ చేసేవాడు, కానుకలు పుచ్చుకునేవాడు, వైశాఖి లాంటి పండగకు సంగతిని వెంటబెట్టుకుని గురువు దగ్గరికి వచ్చి అప్పజెప్పేవాడు. చక్కగా పనిచేసింది. కొంతకాలం.

ఎక్కడ చెడిందో చూడండి. మసందు పదవి తండ్రి నుంచి కొడుక్కి రావడం మొదలైంది. గురువు దూరంగా ఉన్నాడు, మసందు ఎదురుగా ఉన్నాడు. ఇచ్చేవాడికి గురువు ముఖం కన్నా మసందు ముఖమే ఎక్కువ పరిచయం. వసూలైనది ఎంతో ఇచ్చినవాడికి తెలుసు, చేరింది ఎంతో గురువుకు తెలుసు. రెండూ ఒకే చోట కూర్చుని సరిచూసుకునే వీలు లేదు. ఆ మధ్యలో డబ్బు ఆగిపోయింది. కొందరు మసందులు ఆ డబ్బును వడ్డీలకు తిప్పారు, తామే గురువులమన్నట్టు ప్రవర్తించారు. గురు గోవింద్ సింగ్ పేరు మీద ఉన్న దశమ గ్రంథంలో మసందుల అత్యాశను ఎద్దేవా చేసే పద్యాలున్నాయి.

గురు గోవింద్ సింగ్ దాన్ని బాగుచేయడానికి ప్రయత్నించలేదు. 1699లో ఖాల్సా, అంటే దీక్ష పుచ్చుకున్న సిక్కుల సంఘం, స్థాపించే కాలానికల్లా మసందుల వ్యవస్థనే తీసేశారు. ఆయన సంగతులకు రాసిన హుకుంనామాలు, అంటే ఆజ్ఞాపత్రాలు, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటి సారాంశం: మసందులకు ఇవ్వొద్దు, మీ కానుక మీ దగ్గరే ఉంచుకోండి, దర్శనానికి వచ్చినప్పుడు మీరే తీసుకురండి. పదో వంతు మాత్రం పోలేదు. పోయింది మధ్యవర్తి. భాయీ నంద్‌లాల్ పేరు మీద ఉన్న తన్‌ఖాహ్‌నామా అనే సిక్కు నియమావళిలో దస్వంధ్ ఇవ్వకుండా అబద్ధమాడి తినేవాణ్ణి నమ్మొద్దు అని గట్టిగానే ఉంది. అంటే ఇచ్చేవాడి బాధ్యత పెరిగింది.

సిక్కుల్లో ఒక సామెత వింటాం: పేదవాడి నోరే గురువు గోలక్. గోలక్ అంటే గురుద్వారాలో కానుకలు వేసే పెట్టె. పెట్టెలో వేసినా పర్వాలేదు, ఆకలిగా ఉన్నవాడి నోట్లో వేసినా అది అక్కడికే చేరుతుందన్నమాట. లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట, ఇది కంటికి కనబడుతుంది. ఇచ్చిన గోధుమపిండి అరగంటలో రొట్టె అయి, ఇచ్చినవాడి పక్కనే కూర్చున్నవాడి పళ్లెంలో పడుతుంది. మధ్యలో గిడ్డంగి లేదు, టోబీయాకు గది లేదు.

అయితే అక్కడితో కథ సుఖాంతం కాలేదు. తరవాతి కాలంలో చాలా గురుద్వారాలు మహంతులు అనే పెత్తందార్ల చేతుల్లోకి వెళ్లాయి. 1920ల మొదట్లో వాటిని విడిపించడానికి అకాలీలు అనే సిక్కు సంస్కర్తలు ఉద్యమం చేశారు. 1921 నవంబరులో అమృత్‌సర్‌లో బ్రిటిష్ అధికారి స్వర్ణదేవాలయం తోషాఖానా, అంటే ఖజానా, తాళంచెవులు తీసేసుకున్నాడు. దాని మీద పెద్ద ఉద్యమం నడిచి చాలామంది జైలుకెళ్లారు. 1922 జనవరిలో ఆ తాళంచెవులను సిక్కు నాయకుడు బాబా ఖరక్ సింగ్‌కు తిరిగి అప్పజెప్పాల్సి వచ్చింది. దాని పేరే తాళంచెవుల మోర్చా. తాళంచెవుల గుత్తి కోసం అంత ఉద్యమం ఏమిటని కొందరికి అనిపించొచ్చు. పెట్టె ఎవరిదన్నది పెట్టెలో ఎంతుందన్నదాని కన్నా పెద్ద ప్రశ్న అని వాళ్లకు తెలుసు. 1925లో సిక్కు గురుద్వారాల చట్టం వచ్చి, ఎన్నికైన కమిటీ చేతికి నిర్వహణ వెళ్లింది. విచిత్రం ఏమిటంటే, మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి హిందూ దేవాదాయ చట్టం కూడా 1925 నాటిదే.

ఇప్పుడు హిందూ దానం. ఇక్కడ పదో వంతు లేదు. అసలు కట్టుబడి ఉండాల్సిన వంతే లేదు. అందుకే చాలామంది దీన్ని తక్కువ చేసి మాట్లాడతారు, ఇష్టముంటే ఇస్తారు లేకపోతే లేదు అని. అది సరి కాదు. ఇక్కడ నియమాలు మొత్తం మీద కాదు, ఇచ్చే చర్య మీద ఉన్నాయి.

దానానికి ఆరు అంగాలని ధర్మశాస్త్రం చెప్తుంది: ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, శ్రద్ధ, ధర్మంగా సంపాదించిన వస్తువు, చోటు, సమయం. ఈ ఆరింటిలో మధ్యవర్తి లేడు. చూడండి, దానం చేసేటప్పుడు ఏం చేస్తారు? సంకల్పం చెప్పి, నీళ్లు వదులుతూ వస్తువును నేరుగా అవతలివాడి చేతిలో పెడతారు. నా స్వత్వం పోయింది, నీ స్వత్వం ఏర్పడింది అన్నదే దానానికి నిర్వచనం. నీటిధార పడ్డ క్షణానికి ముందు నాది, తరవాత నీది. లెక్కలవాడికి ఇంతకన్నా స్పష్టమైన ఎంట్రీ దొరకదు.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో సాత్విక దానం అంటే తిరిగి మనకు ఏ ఉపకారమూ చేయలేనివాడికి, తగిన చోట, తగిన సమయంలో, పాత్రుడికి ఇచ్చేది అని ఉంది. పాత్రుడు అన్నదాంట్లోనే చిక్కు ఉంది. పాతకాలపు గ్రంథాలు పాత్రత అంటే ఎక్కువగా పుట్టుకనూ వేదాధ్యయనాన్నీ చూశాయి. దాంతో భూములు, గోవులు ఒక వర్గం వైపు వెళ్లాయి, అవసరం ఉన్నవాడు బయట నిలబడ్డాడు. దీన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అన్నదానం దగ్గర మాత్రం ఆ గోడ లేదు. ఆకలే పాత్రత అంటారు, అక్కడ గోత్రం అడగరు.

పుచ్చుకునేవాడి మీద కూడా ఒక కట్టడి ఉంది, మిగతా రెండు చోట్లా ఇంత గట్టిగా నాకు కనబడలేదు. దానం పుచ్చుకోవడానికి అర్హత ఉన్నా సరే, దానికి అలవాటు పడొద్దు, బ్రహ్మతేజస్సు చల్లారిపోతుంది అని మనువు నాలుగో అధ్యాయంలో అంటాడు. పుచ్చుకోవడం భారం. లెక్క అడిగేవాడు లేనప్పుడు పుచ్చుకునేవాడి భయమే లెక్క.

మరి ఇచ్చింది వస్తువు కాకుండా, ఎన్నాళ్లైనా ఉండే భూమి అయితే? చెరువో సత్రమో గుడో అయితే? అప్పుడు మధ్యలో చెయ్యి తప్పదు. ధర్మకర్త వస్తాడు, అతని కొడుకు వస్తాడు, రాజు మారతాడు. పాత రాగిరేకు శాసనాల చివర ఒక శ్లోకం చూసే ఉంటారు. తాను ఇచ్చినదైనా, ఇతరులు ఇచ్చినదైనా భూమిని అపహరించేవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు అని. చదివితే నవ్వొస్తుంది గానీ, రాజుకు తన తరవాత వచ్చేవాడి మీద ఏ కోర్టూ లేదు, ఏ ఆడిటరూ లేడు. ఉన్నది ఆ శాపమే. దానికి పక్కనే ఇంకొక శ్లోకం ఉంటుంది: దానం, పాలనం అనే రెండింటిలో దానం కన్నా పాలనమే గొప్ప, దానం వల్ల స్వర్గం, కాపాడటం వల్ల అచ్యుత పదం అని. ఇచ్చినవాడి కన్నా, ఎప్పుడో ఎవరో ఇచ్చినదాన్ని చెడకుండా నడిపినవాడికి పెద్ద పీట వేశారు. ట్రస్టు మీటింగుల్లో కొత్త దాతకు శాలువా కప్పుతారు, ముప్ఫై ఏళ్లుగా చిల్లరతో సహా లెక్క రాసిన గుమాస్తా వెనక కుర్చీలో ఉంటాడు. శాసనం చెక్కించినవాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్తాను, చోటు పేరు చెప్పను, మతం కూడా చెప్పను. ఒక చోట కానుకల పెట్టె లెక్క చూస్తున్నాను. ఏడాది మొత్తం బ్యాంకులో జమ చేసిన చీటీలు తెచ్చి ఇచ్చారు. చూస్తే ప్రతి వారం 8,000, 11,000, 9,500, 10,000. ఒక్కదానికీ చివర చిల్లర లేదు. నిజంగా జనం వేసిన పెట్టె అలా ఉండదు. 9,347 ఉంటుంది, 10,812 ఉంటుంది, ఒక చిరిగిన ఇరవై నోటు ఉంటుంది, రెండు రూపాయల బిళ్లలు గుప్పెడుంటాయి. గుండ్రని అంకెలు వచ్చాయంటే, లెక్కపెట్టిన తరవాత, జమ చేసే ముందు ఎవరో అందులోంచి ఏదో తీశారు. అడిగితే ఆ పెద్దమనిషి దొంగ కాదు. కరెంటు బిల్లు, పూల ఖర్చు, వచ్చినవాళ్లకు భోజనం, అన్నీ పెట్టెలోంచే కట్టి, మిగిలింది గుండ్రంగా చేసి జమ చేశాడు. బిల్లులు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. నిజాయితీపరుడే, కానీ నిరూపించుకోలేడు. ఆయనకు పట్టుకున్న టెన్షన్ చూసి నాకే జాలేసింది. తరవాత రెండు తాళాలు పెట్టించాం, వేర్వేరు మనుషుల దగ్గర. పెట్టె తెరిచినప్పుడు ముగ్గురు ఉండాలి, అక్కడికక్కడే లెక్కపెట్టి సంతకాలు చేయాలి, వచ్చింది వచ్చినట్టు చిల్లరతో సహా బ్యాంకులో వేయాలి, ఖర్చుకు విడిగా చెక్కు రాయాలి. ఇంతే. నెహెమ్యా పెట్టిన నలుగురి కన్నా మేము కనిపెట్టింది ఏమీ లేదు.

ఇక ఆ కుర్రాడి ప్రశ్న. అతని వివరాలే తీసుకుందాం, అంకెలు మాత్రం కాస్త మార్చాను. జీతం 50,000. కోతలు పోను చేతికి వచ్చేది 42,000. లోన్ కిస్తీ 14,000. అమ్మ మందులకు నెలకు 5,000.

క్రైస్తవుడిగా అయితే పదో వంతు మొత్తం మీద 5,000, చేతికొచ్చిన దాని మీద 4,200. ఏది సరి అన్నదానికి వాక్యం నేరుగా జవాబివ్వదు, ఎందుకంటే అక్కడున్నది పంటా మందా, జీతం కాదు. కొన్ని సంఘాలు మొత్తం మీద అంటాయి, ప్రథమ ఫలమన్న భావంతో. కొన్ని చేతికొచ్చిన దాని మీద అంటాయి. పౌలును అడిగితే ఉన్న కొద్దీ ఇవ్వు, లేనిదాన్ని బట్టి కాదు, సణుక్కుంటూ ఇవ్వొద్దు అంటాడు. ఆ 800 రూపాయల తేడా మీద ఇంట్లో పోట్లాడుకోవడం మాత్రం ఏ వాక్యమూ చెప్పలేదు. జీతమే లేని వాళ్ల సంగతి ఏమిటని అడిగితే, మిజోరాం చర్చిల్లో 1910 నుంచి ఒక పద్ధతి ఉంది. వండేటప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం పక్కకు తీస్తుంది. సంఘం వాళ్లు పోగుచేసి అమ్ముతారు. మొత్తమా, కోతలు పోనా అన్న ప్రశ్నే అక్కడ రాదు.

సిక్కు ఇంట్లో అయితే నిజాయితీగా సంపాదించిన దాని మీద దస్వంధ్, సుమారు 4,200. గోలక్‌లో వేయొచ్చు, లంగరుకు సరుకు ఇవ్వొచ్చు, ఫీజు కట్టలేని పిల్లవాడికి నేరుగా కట్టొచ్చు అని చాలామంది సిక్కులు అర్థం చేసుకుంటారు.

హిందువైతే? భాగవతంలో వామనుడి కథలో బలి చక్రవర్తి జవాబు అందరికీ నోటికొచ్చు. దానికి ముందు శుక్రాచార్యుడు చెప్పింది ఎవరికీ గుర్తుండదు, ఆయన అడ్డుపడ్డాడని కన్ను పోయిందని మాత్రం గుర్తుంటుంది. ఆయన రెండు మాటలన్నాడు. బతుకుతెరువునే దెబ్బతీసే దానాన్ని ఎవరూ మెచ్చుకోరు అని. సంపదను అయిదు వాటాలు చేయమని: ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదనకు, తన సుఖానికి, తనవాళ్లకు. 42,000లో అయిదో వంతు 8,400. అంటే ధర్మానికి పదో వంతుకు రెట్టింపు పోతుంది. ఇది తప్పనిసరి నియమం కాదు, సలహా. కానీ చూడండి, తనవాళ్ల వాటా విడిగా ఉంది. అమ్మ మందులు ఆ వాటాలోవి. ధర్మం వాటాలోవి కావు.

ఈ మాట అనగానే ఆ కుర్రాడు, "మరి అమ్మ మందులు దశమ భాగంలో కలిపేసుకోవచ్చా అని అడుగుదామనుకున్నాను" అన్నాడు. దానికి బైబిల్లోనే జవాబుంది. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అనేసి వాళ్లకు ఎగ్గొట్టేవాళ్లను మార్కు ఏడో అధ్యాయంలో యేసు తీవ్రంగా తప్పుబట్టాడు. మనువు పదకొండో అధ్యాయంలో, తనవాళ్లు కష్టాల్లో ఉండగా బయటివాళ్లకు దానం చేయడం నాలిక్కి తేనె, లోపల విషం అన్నాడు. కాబట్టి అమ్మ మందులు ముందు కట్టు, తరవాత లెక్కపెట్టు అన్నాను. కానీ అమ్మకు పెట్టిన ఖర్చు చూపించి కానుక తగ్గించుకోవద్దు, అది నువ్వు ఎవరికీ ఇచ్చింది కాదు, బాకీ తీర్చింది.

అతను ఫోన్ తీసి లెక్కగట్టాడు. 4,200 అని రాసుకున్నాడు. ఎక్కడికి పంపాలి అంటే, నీ సంఘానికే పంపు గానీ, ఏడాది చివర జమాఖర్చు బోర్డు మీద అంటిస్తారా, పెట్టె ఎవరెవరు తెరుస్తారు అని ఒకసారి అడుగు అన్నాను. అడిగితే తప్పుగా అనుకుంటారేమో అంకుల్ అన్నాడు. పౌలు అడగకముందే చెప్పాడు, మీ పాస్టర్ గారు అడిగితే చెప్తారులే అన్నాను. (నవ్వులు)

సమయం అయిపోయిందని అక్కడ చెయ్యి ఊపుతున్నారు. ప్రశ్నలుంటే అడగండి.